ప్లాస్టిక్ స్కిన్, ఆరో వేలు: రిఫరెన్స్ ఫొటోతో పోర్ట్రెయిట్ చేసేవాళ్ళు నెగటివ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక మనిషి ఫొటో రిఫరెన్స్‌గా ఇచ్చి బొమ్మలు గీసే ఏఐ మోడల్‌తో ఆ మనిషి పోర్ట్రెయిట్‌నే కొత్తగా చేయిస్తున్నప్పుడు ఎక్కువగా వచ్చే కంప్లైంట్లు రెండే: మొహం మైనం పూసినట్టు వస్తోంది, చేతికి ఆరు వేళ్ళు వస్తున్నాయి. రెండింటికీ నెగటివ్ ప్రాంప్టే మందు అనుకుని జనం పేజీడు మాటలు పేస్ట్ చేస్తుంటారు. ఈ రెండు జబ్బులూ ఒకచోట పుట్టవు, అందుకే ఒకే మందుకి లొంగవు. ఇక్కడ నేను చెప్పేదంతా ఎస్‌డీఎక్స్‌ఎల్ రకం మోడల్, దాని మీద రిఫరెన్స్ ఫొటోని మోడల్‌కి అందించే ఐపీ-అడాప్టర్ పెట్టుకుని వాడే పద్ధతి గురించే, వేరే మోడల్ సంగతి వచ్చినప్పుడు పేరు చెప్తాను.

నెగటివ్ ప్రాంప్ట్ లోపల అసలు ఏం చేస్తుంది?

"ఇది వద్దు" అని మోడల్‌కి చెప్పడం అనుకుంటారు చాలామంది, కానీ వద్దు అనే మాట మోడల్‌కి తెలీదు. ప్రతి స్టెప్‌లోనూ మోడల్ రెండుసార్లు నాయిస్ అంచనా వేస్తుంది, ఒకసారి మీ మామూలు ప్రాంప్ట్ చూసి, ఇంకోసారి మీ నెగటివ్ చూసి. నెగటివ్ ఏమీ రాయకపోతే ఆ రెండోసారి ఖాళీ ప్రాంప్ట్ చూస్తుంది. తర్వాత ఈ రెండింటి తేడా తీసుకుని, ఆ తేడాని సీఎఫ్‌జీ అనే అంకెతో గుణించి, నెగటివ్ వైపు నుంచి దూరంగా నెడుతుంది:

```
out = neg + cfg * (pos - neg)
```

ఇందులో సీఎఫ్‌జీ 7 వేసి చూడండి, 7 పాళ్ళు పాజిటివ్ లోంచి 6 పాళ్ళు నెగటివ్ తీసేసినట్టు అవుతుంది. 4 వేస్తే 4 లోంచి 3. 1 వేస్తే నెగటివ్ పూర్తిగా ఎగిరిపోయి పాజిటివ్ ఒక్కటే మిగులుతుంది. ఈ ఒక్క లైను బుర్రలో పెట్టుకుంటే కింద ఉన్న సగం ప్రశ్నలకి జవాబు మీకే తట్టేస్తుంది. ముఖ్యంగా గమనించాల్సింది ఏంటంటే పాజిటివ్‌లోనూ నెగటివ్‌లోనూ ఒకేలా ఉన్నది కొట్టుకుపోతుంది, తేడాగా ఉన్నది మాత్రమే పెరుగుతుంది.

నెగటివ్‌లో ఏం రాసినా బొమ్మ అంగుళం కూడా మారట్లేదు. ఎందుకు?

ముందు ఒక టెస్ట్ చెయ్యండి. సీడ్ ఫిక్స్ చేసి, నెగటివ్‌లో `blue` అని ఒక్క మాట పెట్టి ఒకటి, ఖాళీగా ఉంచి ఒకటి తీయండి. రెండూ పక్కపక్కన పెడితే ఈకంత తేడా కూడా లేకపోతే మీ నెగటివ్ అసలు లెక్కలోకే రావట్లేదు, అంటే ఎక్కడో సీఎఫ్‌జీ 1 మీద నడుస్తోంది. టర్బో, లైట్నింగ్, ఎల్‌సీఎం లాంటి నాలుగైదు స్టెప్పుల మోడల్స్ అన్నీ 1 దగ్గర్లోనే నడుస్తాయి కాబట్టి వాటిలో నెగటివ్ రాసినా రాయకపోయినా దాదాపు ఒకటే.

ఫ్లక్స్ డెవ్ వాడేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. దానిలో గైడెన్స్ 3.5 అని కనిపిస్తుంది గానీ అది పైన చెప్పిన సీఎఫ్‌జీ కాదు, ట్రైనింగ్‌లోనే మోడల్ లోపలికి ఎక్కించేసిన ఒక అంకె, దాన్ని పెంచినా తగ్గించినా నెగటివ్‌కి ఏ సంబంధమూ లేదు. డిఫ్యూజర్స్ అనే పైథాన్ లైబ్రరీలో అయితే `true_cfg_scale` ని 1 కంటే పెంచి `negative_prompt` ఇస్తేనే నెగటివ్ పనిచేస్తుంది, అప్పుడు స్టెప్‌కి రెండు లెక్కలు కాబట్టి టైమ్ దాదాపు రెట్టింపు అవుతుంది.

డిఫ్యూజర్స్ కోడ్‌లో నేరుగా రాసేవాళ్ళకి ఇంకో మాట, `(plastic skin:1.3)` అనే బ్రాకెట్ల వెయిట్లు అక్కడ పనిచెయ్యవు, ఆ బ్రాకెట్లనీ అంకెనీ కూడా మామూలు టెక్స్ట్ లాగే చదివేస్తుంది. వెయిట్లు కావాలంటే దానికి విడిగా లైబ్రరీ పెట్టుకోవాలి.

నెగటివ్ పనిచేస్తోంది, `plastic skin` అని కూడా రాశాను, అయినా మొహం మైనం బొమ్మలాగే ఉంది. ఇంకేం రాయాలి?

ఇంకేం రాయకండి, ముందు ప్లాస్టిక్ ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టండి. నేను ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

ఐపీ-అడాప్టర్‌లో మీ ఫొటో టెక్స్ట్‌తో కలిసిపోయి వెళ్ళదు. టెక్స్ట్‌కి ఒక అటెన్షన్ దారి, బొమ్మకి విడిగా ఇంకో అటెన్షన్ దారి ఉంటాయి, రెండిటి ఫలితాన్నీ చివర్లో కలుపుతారు. నెగటివ్‌లో మీరు రాసిన మాటలు టెక్స్ట్ దారిలో మాత్రమే వెళ్తాయి. అదే సమయంలో బొమ్మ దారిలో ఏం జరుగుతోందంటే, పాజిటివ్ వైపు మీ ఫొటో ఉంది, నెగటివ్ వైపు ఏమీ లేదు, ఖాళీ. ఇప్పుడు ఆ పై లైను గుర్తు చేసుకోండి, సీఎఫ్‌జీ 7 అంటే ఫొటో వైపు 7 పాళ్ళు, దానిలోంచి తీసేసేది ఖాళీ. అంటే మీ ఫొటోలో ఏముంటే అది ఏ అడ్డూ లేకుండా పెరిగిపోతోంది. (మోడల్ లోపల లెక్క ఇంత సూటిగా ఉండదు, ఎన్నో పొరలు మారి వస్తుంది, కానీ దిశ మాత్రం ఇదే.) మీ సెల్ఫీ బ్యూటీ మోడ్‌లో తీసిందైతే ఆ నున్నటి మెరుపు కూడా మీ పోలికలో భాగమే అనుకుని మోడల్ దాన్ని ఇంకా పెంచి ఇస్తుంది. ఒక దారిలో రెండు మాటలు రాసి, ఇంకో దారిలో వరదలా వస్తున్నదాన్ని ఆపలేం.

కనిపెట్టడం తేలిక. సీడ్, ప్రాంప్ట్, నెగటివ్ అన్నీ అలాగే ఉంచి ఐపీ-అడాప్టర్ స్కేల్ ఒక్కటి 0 చెయ్యండి. ఎవరో వేరే మనిషి వస్తారు, పర్వాలేదు, చర్మం మాత్రం చూడండి. చర్మం మామూలుగా ఉంటే ప్లాస్టిక్ మీ ఫొటో నుంచి వస్తోంది. 0 లో కూడా మైనమే అయితే తప్పు మోడల్‌దో, సీఎఫ్‌జీదో, లేదా చివర్లో మీరు పెట్టిన ఫేస్ రిస్టోర్‌దో. జీఎఫ్‌పీగాన్, కోడ్‌ఫార్మర్ లాంటివి ఆన్‌లో ఉంటే ముందు అవి ఆపి చూడండి, అవి మొహాన్ని తిరిగి గీసేటప్పుడు రంధ్రాలన్నీ ఇస్త్రీ చేసేస్తాయి, అది బొమ్మ తయారయ్యాక జరిగే పని కాబట్టి నెగటివ్ దాకా విషయం వెళ్ళనే వెళ్ళదు.

అయితే రిఫరెన్స్‌లో చర్మం రంధ్రాలు బాగా కనిపించే హై రిజల్యూషన్ ఫొటో ఇస్తే అవి బొమ్మలోకి వస్తాయా?

రావు, ఇది చాలామందికి నిరాశగా ఉంటుంది. ఐపీ-అడాప్టర్ మీ ఫొటోని చూసేది క్లిప్ అనే బొమ్మల ఎన్‌కోడర్‌తో, దానికి లోపలికి వెళ్ళే సైజు 224 బై 224. మీరు 4000 పిక్సెల్స్ ఫొటో ఇచ్చినా అక్కడ అంత చిన్నదైపోతుంది, అందులో రంధ్రం ఎక్కడ కనిపిస్తుంది. ఫేస్ఐడీ, ఇన్‌స్టంట్ఐడీ రకాలైతే మొహాన్ని గుర్తుపట్టే మోడల్ వాడతాయి, అది మొహాన్ని 512 అంకెల వరసగా మార్చేస్తుంది, ఆ అంకెల్లో ఎవరు అన్నది ఉంటుంది గానీ చర్మం ఎలా ఉంది అన్నది దాదాపు ఉండదు.

కానీ 224 సైజులో కూడా ఒకటి మాత్రం బాగా తెలుస్తుంది: ఇది మామూలు ఫొటోనా, టచప్ చేసిన ఫొటోనా అన్న మొత్తం మీది వాటం. వెలుగు నీడలు ఒకదాంట్లోకి ఒకటి మెత్తగా కరిగిపోవడం, కళ్ళ కింద గీత లేకపోవడం, బుగ్గ అంతా ఒకే రంగు, ఇవన్నీ చిన్న సైజులో కూడా నిలుస్తాయి. కాబట్టి మంచి రిఫరెన్స్ నుంచి మీకు రంధ్రాలు రావు, చెడ్డ రిఫరెన్స్ నుంచి మైనం మాత్రం వస్తుంది. ఫోన్ వెనక కెమెరాతో, బ్యూటీ మోడ్ ఆపి, కిటికీ పక్కన ఒక వైపు నుంచి వెలుగు పడేలా తీసిన ఒక్క ఫొటో, సెల్ఫీలు పది పెట్టినదానికంటే బాగా పనిచేస్తుంది. రంధ్రాలు, సన్న వెంట్రుకలు బేస్ మోడల్ వేసుకుంటుంది, మనం దాన్ని అడ్డుకోకుండా ఉంటే చాలు.

ఉన్నది ఒక్క సెల్ఫీయే, అది కూడా బ్యూటీ మోడ్‌దే. నెగటివ్ వైపు కూడా ఒక బొమ్మ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, ఇదే అసలైన మందు, కాకపోతే జాగ్రత్తగా వాడాలి. కంఫీయూఐలో IPAdapter Advanced నోడ్‌కి `image_negative` అని ఒక ఇన్‌పుట్ ఉంటుంది, ఖాళీకి బదులు అక్కడ మీరు ఇచ్చిన బొమ్మ నెగటివ్ వైపు వెళ్తుంది. డిఫ్యూజర్స్‌లో అయితే మనమే కలపాలి:

```python
good = pipe.prepare_ip_adapter_image_embeds(
    ref, None, "cuda", 1, True)
wax = pipe.prepare_ip_adapter_image_embeds(
    doll, None, "cuda", 1, True)
zero, face = good[0].chunk(2)
_, w = wax[0].chunk(2)
neg = zero + 0.3 * (w - zero)
embeds = [torch.cat([neg, face])]
```

ఈ `embeds` ని `ip_adapter_image_embeds` కి ఇవ్వాలి. వరసలో నెగటివ్ ముందు, మొహం తర్వాత, తారుమారు అయితే మీ మనిషి నుంచే దూరంగా నెట్టేస్తుంది.

ఇప్పుడు ఏ బొమ్మ పెట్టాలి అన్నది. అందరికీ మొదట తట్టే ఐడియా ఒకటుంది, నాకూ అదే తట్టింది: అదే సెల్ఫీని ఇంకాస్త బ్లర్ చేసి నెగటివ్‌లో పెడితే రెండిటి తేడా చర్మం ఒక్కటే కదా, చర్మం ఒక్కటే బాగుపడుతుంది కదా అని. చేసి చూస్తే పోలిక పోతుంది. ఎందుకంటే రెండు వైపులా ఒకేలా ఉన్నది కొట్టుకుపోతుంది అన్నాం, రెండు వైపులా ఉన్నది అదే మొహం మరి. 7 పాళ్ళ మొహంలోంచి 6 పాళ్ళ అదే మొహం తీసేస్తే పోలిక ఒక పాలే మిగులుతుంది. కాబట్టి వేరే మొహం కావాలి, నున్నటిది, మైనపు మెరుపు ఉన్నది. షాపు కిటికీలో పెట్టే బొమ్మ మొహం ఫొటో లేదా త్రీడీ రెండర్ చేసిన మొహం బాగా సరిపోతుంది, దాదాపు అదే కోణంలో, అదే చర్మం రంగులో ఉండేది చూసుకోండి. రంగు వేరేది పెడితే ఆ రంగు నుంచి దూరంగా నెట్టి మీ మనిషి రంగు మార్చేస్తుంది, ఇది పోలికకి చేసే నష్టం మామూలుది కాదు. కోడ్‌లో ఉన్న 0.3 దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచండి, పూర్తిగా 1 పెడితే చర్మం గరుకుగా, ఎండలో ఎండిన తోలులా తయారవుతుంది.

సీఎఫ్‌జీ ఎంత పెట్టాలి? నెగటివ్ గట్టిగా పనిచెయ్యాలంటే ఎక్కువ ఉండాలి కదా?

గట్టిగా పనిచేస్తుంది, దాంతోపాటు ప్లాస్టిక్ కూడా గట్టిపడుతుంది. సీఎఫ్‌జీ ఎక్కువైతే కాంట్రాస్ట్, రంగులు పెరిగిపోయి నుదుటి మీద, ముక్కు మీద మెరుపు తెల్లగా ముద్దలా అవుతుంది, అది చూసి జనం నెగటివ్‌కి వెయిట్ పెంచుతారు, అది సరిపోలేదని సీఎఫ్‌జీ ఇంకా పెంచుతారు. ఎస్‌డీఎక్స్‌ఎల్ ఫొటో మోడల్‌కి, రిఫరెన్స్ ఉన్నప్పుడు, 4 నుంచి 5 మధ్య నేను ఉంచుతాను. ప్రాంప్ట్ సరిగా వినట్లేదు, తప్పక పెంచాలి అంటే డిఫ్యూజర్స్‌లో `guidance_rescale` ని 0.7 దాకా పెట్టి చూడండి, గైడెన్స్ వల్ల పెరిగిపోయిన కాంట్రాస్ట్‌ని అది వెనక్కి లాగుతుంది.

నెగటివ్‌లో ఏ మాటలు రాస్తే చర్మానికి ఉపయోగం?

ఫొటోల కింద మనుషులు నిజంగా రాసే మాటలు. మోడల్ బొమ్మ, దాని కింద రాత, రెండూ కలిపి నేర్చుకుంది, కాబట్టి ఎవరూ ఏ ఫొటో కిందా రాయని మాటకి దాని దగ్గర గట్టి అర్థం ఉండదు. `3d render`, `cgi`, `airbrushed`, `doll`, `mannequin` ఇవి చాలా బొమ్మల కింద ఉన్న మాటలు, వీటి దిశ మోడల్‌కి స్పష్టంగా తెలుసు. `plastic skin` అంతకంటే బలహీనం. `worst quality`, `bad anatomy` లాంటివి యానిమే బొమ్మల ట్యాగుల లోకం నుంచి వచ్చినవి, ఆ ట్యాగులతో ట్రైన్ చేసిన మోడల్స్‌లో గట్టిగా పనిచేస్తాయి, ఫొటో మోడల్‌లో పెడితే ఏం చేస్తాయో ఊహించలేం. `ugly` అయితే పోర్ట్రెయిట్‌లో రివర్స్‌లో కొడుతుంది, అందంగా లేనిదాని నుంచి దూరంగా అంటే మోడల్‌కి మేకప్ వేసిన మోడలింగ్ మొహమే కదా, మనం వద్దన్న నునుపు అక్కడినుంచే వస్తుంది.

మూడు నాలుగు మాటలు చాలు. క్లిప్ టెక్స్ట్ ఎన్‌కోడర్ ఒకసారికి 75 టోకెన్లే తీసుకుంటుంది, డిఫ్యూజర్స్ మామూలుగా ఆపైన ఉన్నవి కోసేస్తుంది, వెబ్‌యూఐలు ముక్కలు ముక్కలుగా పంపిస్తాయి. కొయ్యకపోయినా సరే, 60 మాటలు పెడితే వాటి దిశలన్నీ కలిసి ఎటో ఒక సగటు వైపు నెడతాయి, మీకు కావాల్సిన రెండు మాటలు ఆ గుంపులో తప్పిపోతాయి.

చర్మం కోసం రాసింది మొహం ఆకారాన్ని కూడా మార్చేస్తోంది. ఆపలేమా?

ఆపొచ్చు, ఆలస్యంగా మొదలుపెట్టండి. మొదటి స్టెప్పుల్లో మోడల్ తల ఎక్కడ, చెయ్యి ఎక్కడ, వెలుగు ఎటునుంచి అన్నది తేలుస్తుంది, చర్మం లాంటి సన్న పని చివరి సగంలో జరుగుతుంది. `doll` అనే మాట మొదటి స్టెప్ నుంచీ ఉంటే బొమ్మల పెద్ద కళ్ళ నుంచి దూరంగా నెట్టి మీ మనిషి కళ్ళు చిన్నవి చేస్తుంది. ఆటోమేటిక్1111 లో నెగటివ్ బాక్స్‌లో ఇలా రాయొచ్చు:

```
[airbrushed, 3d render, doll:0.4]
```

30 స్టెప్పులైతే 12వ స్టెప్ దాటాకే ఈ మాటలు చేరతాయి. కంఫీలో అయితే `ConditioningSetTimestepRange` నోడ్‌తో ఇదే పని అవుతుంది, అక్కడ 0 నుంచి 0.4 దాకా ఖాళీ నెగటివ్ ఇచ్చి తర్వాతది కలపాలి.

దీంట్లో ఒక ఉచ్చు ఉంది. ఆటోమేటిక్1111 సెట్టింగ్స్‌లో ఆప్టిమైజేషన్స్ కింద `Negative Guidance minimum sigma` అని ఉంటుంది, స్పీడ్ కోసం అది పెంచితే బొమ్మ దాదాపు తయారయ్యాక కొన్ని స్టెప్పుల్లో నెగటివ్‌ని వదిలేస్తుంది. చర్మం తేలేది సరిగ్గా అక్కడే. స్పీడ్ టిప్స్ చూసి ఎప్పుడో మార్చి మర్చిపోయుంటారు, 0 ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

`extra fingers, bad hands` రాస్తే చేతులే మాయమైపోతున్నాయి, జేబులో పెట్టుకున్నట్టో, ఫ్రేమ్ బయటో వస్తున్నాయి.

అవును, అదే జరగాలి. "ఎక్స్‌ట్రా" అనే లెక్క మోడల్‌కి సరిగా తెలీదు, "ఫింగర్స్" అనే వస్తువు మాత్రం బాగా తెలుసు. ఆరు వేళ్ళున్న చేతి ఫొటో తీసి కింద ఆరు వేళ్ళు అని రాసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? కాబట్టి ఆరో వేలు నుంచి దూరం అనే దిశే మోడల్ దగ్గర సరిగా లేదు, ఉన్నది వేళ్ళ నుంచి దూరం. మీరు వెయిట్ పెంచేకొద్దీ వేళ్ళే తగ్గుతాయి, పిడికిలి బిగుస్తుంది, చెయ్యి స్లీవ్‌లోకి పోతుంది. గ్రిడ్‌లో తప్పు చేతులు తగ్గాయి కదా అని సంతోషపడకుండా మొత్తం చేతులు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి, చాలాసార్లు అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.

అసలు వేళ్ళు ఎందుకు తప్పుతాయో ఒకసారి దగ్గరగా చూద్దాం. ఎస్‌డీఎక్స్‌ఎల్ మీ బొమ్మని నేరుగా గీయదు, ఎనిమిదో వంతు సైజులో ఉన్న లేటెంట్ అనే చిన్న గడుల బొమ్మలో గీసి తర్వాత పెద్దది చేస్తుంది. 832 బై 1216 పోర్ట్రెయిట్‌లో గడ్డం కింద చెయ్యి ఒక 160 పిక్సెల్స్ వెడల్పు ఉందనుకోండి, లేటెంట్‌లో అది 20 గడులు. ఒక్కో వేలు 24 పిక్సెల్స్ అయితే మూడు గడులు. మూడు గడుల్లో వేలు, దాని పక్కన సందు, మళ్ళీ వేలు, ఇవన్నీ సర్దాలి, ఒక్క గడి అటూ ఇటూ అయితే సందు కాస్తా కొత్త వేలు అయిపోతుంది. జబ్బు ఇక్కడుంది, స్థలం చాలకపోవడంలో, మాటల్లో కాదు.

రిఫరెన్స్ కూడా దీన్ని ఇంకా చెడగొడుతుంది, ఇది ఎవరూ అనుమానించరు. మీ రిఫరెన్స్ మొహం మాత్రమే కత్తిరించిన ఫొటో అయితే, స్కేల్ 0.8 పెడితే మోడల్ ప్రతి బొమ్మనీ క్లోజప్ వైపు లాగుతుంది, ప్రాంప్ట్‌లో మీరు చెయ్యి అడిగారు కాబట్టి దాన్ని మూలన ఎక్కడో ఇరికిస్తుంది. కంఫీలో ఐపీ-అడాప్టర్ నోడ్ `start_at` ని 0.2 పెడితే ఫ్రేమ్, చెయ్యి చోటు ముందు టెక్స్ట్ ప్రకారం తేలిపోయి తర్వాత మొహం వచ్చి కూర్చుంటుంది, చేతికి చోటు దొరుకుతుంది.

మరి ఆరో వేలు తీసేదెలా? ఒక కేసు మొత్తం చెప్పండి.

నా ఫ్రెండ్ ఒకావిడ ప్రొఫైల్ కోసం గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న పోర్ట్రెయిట్ అడిగింది, ఇచ్చింది ఒక్క సెల్ఫీ. నేను మొదట పెట్టినవి: ఎస్‌డీఎక్స్‌ఎల్ ఫొటో మోడల్, 832 బై 1216, 30 స్టెప్పులు, సీఎఫ్‌జీ 7, ఐపీ-అడాప్టర్ ప్లస్ ఫేస్ 0.8, ఎక్కడినుంచో కాపీ చేసిన పొడుగాటి నెగటివ్. ఎనిమిది సీడ్లు తీస్తే ఎనిమిదింటిలోనూ నుదురు బెలూన్‌లా మెరుస్తోంది, ముక్కు పక్కన ఉండాల్సిన మడత లేదు, చెయ్యి కనిపించిన వాటిలో ఎక్కువ భాగం వేళ్ళు తప్పు.

అవే ఎనిమిది సీడ్లతో నెగటివ్ ఖాళీ చేసి తీశాను. చర్మం దాదాపు అలాగే ఉంది, చేతులు మాత్రం ఎక్కువ బొమ్మల్లో బయటికొచ్చాయి. అంటే ఆ నెగటివ్ అంతా కలిసి చేసిన పని చేతులు దాచడం ఒక్కటే. తర్వాత స్కేల్ 0 చేశాను, ఎవరో వేరే ఆవిడ వచ్చింది, చర్మం మాత్రం చక్కగా ఉంది, పై పెదవి మీద నూగు కూడా కనిపించింది. దాంతో తేలిపోయింది, మైనం సెల్ఫీ నుంచే వస్తోంది. ఆవిడకి ఫోన్ చేసి బ్యూటీ మోడ్ ఆపి కిటికీ దగ్గర ఇంకో ఫొటో తీయించుకున్నాను. దాంతో స్కేల్ 0.6, `start_at` 0.2, సీఎఫ్‌జీ 4.5, నెగటివ్‌లో మూడే మాటలు, అవి కూడా 0.4 తర్వాత. చర్మం సంగతి అక్కడితో అయిపోయింది, ఆవిడ ఎడమ బుగ్గ మీదున్న చిన్న పుట్టుమచ్చ మాత్రం రాలేదు, 224 సైజులో అది కనిపించదు కాబట్టి చివర్లో చేత్తో పెట్టాను.

ఇక చెయ్యి. ఎనిమిదింట్లో మొహం బాగా కుదిరినది తీసుకున్నాను, దానికి చూపుడువేలుకీ మధ్యవేలుకీ మధ్య ఇంకో వేలు ఉంది. ముందుగా బ్రష్‌తో ఆ వేలు మీద వెనకున్న దుస్తుల రంగు మొరటుగా పూసేశాను, ఇది అందరూ వదిలేసే పని, పూయకుండా ఇన్‌పెయింట్ చేస్తే కింద ఉన్న ఆరో వేలే మళ్ళీ సుబ్బరంగా గీసి ఇస్తుంది. తర్వాత మణికట్టు నుంచి వేళ్ళ చివర దాకా, చుట్టూ కొంచెం ఖాళీ కూడా కలిపి మాస్క్ వేశాను, మాస్క్ వేసిన చోటు మాత్రమే పెద్దది చేసి గీసే ఆప్షన్ `Only masked` పెట్టాను, సైజు 1024, డినాయిస్ 0.5. ఇప్పుడు అదే చెయ్యి 20 గడుల్లో కాకుండా వంద గడులకి దగ్గరగా పరుచుకుంటుంది, వేలుకి వేలుకి మధ్య సందుకి చోటు దొరుకుతుంది. ఈ దశలో ఐపీ-అడాప్టర్ పూర్తిగా ఆపాలి, లేకపోతే చెయ్యి మీద మొహం వాసన కొడుతుంది, ఒకసారి నాకు అరచేతిలో కన్ను లాంటి మచ్చ వచ్చింది. ప్రాంప్ట్‌లో మొహం, జుట్టు అన్నీ తీసేసి చెయ్యి గురించే రాయాలి, `hand resting under chin, relaxed fingers` అంతే, నెగటివ్ ఖాళీ. నాలుగు సీడ్లలో రెండు బాగా వచ్చాయి.

0.5 తో కూడా లొంగని మొండి చేతులుంటాయి, వేళ్ళు ఒకదాంట్లో ఒకటి పెనవేసుకున్నవి. వాటికి మీ చెయ్యి అదే పోజులో ఫోన్‌తో ఫొటో తీసి దాని డెప్త్ మ్యాప్ కంట్రోల్‌నెట్‌కి ఇచ్చి డినాయిస్ 0.7 పైన పెట్టండి, అప్పుడు వేళ్ళ లెక్క మోడల్ ఊహకి వదలకుండా మీరే ఇచ్చినట్టు అవుతుంది.

చేతులకి రెడీమేడ్ నెగటివ్ ఎంబెడింగ్స్ దొరుకుతున్నాయి కదా, అవి వాడితే?

ఏ మోడల్ మీద ట్రైన్ చేశారో ఆ కుటుంబంలోనే పనిచేస్తాయి. `EasyNegative`, `badhandv4` లాంటివి ఎస్‌డీ 1.5 కాలం నాటివి, ఎస్‌డీఎక్స్‌ఎల్‌లో రెండు టెక్స్ట్ ఎన్‌కోడర్లు ఉంటాయి కాబట్టి అవి అందులో లోడే అవ్వవు, ఫైల్ పేరు మామూలు మాటలాగా చదివేసి ఊరుకుంటుంది. 1.5 లో కూడా ఇవి యానిమే వైపు ట్రైన్ అయినవే ఎక్కువ, పోర్ట్రెయిట్‌లో పెడితే మొహం వాటి వైపు జరుగుతుంది, పోలిక ముఖ్యమైనప్పుడు నేను వాడను.

చర్మం బాగుచెయ్యడం ఎక్కువైపోయిందని ఎలా తెలుస్తుంది?

బొమ్మని 100 శాతం జూమ్‌లో పెట్టి, పక్కనే అసలు ఫొటో పెట్టి మూడు చోట్లు చూడండి. కళ్ళ కింద: అక్కడ అసలు మనిషికి లేని గీతలు వచ్చి ఐదేళ్ళు పెద్దవాళ్ళైపోతే నెగటివ్ ఎక్కువైంది. బుగ్గ: నిజం చర్మంలో రంధ్రాలు ముక్కు పక్కన ఎక్కువ, బుగ్గ బయటి వైపుకి తగ్గిపోతాయి, మొహం అంతా ఒకే సైజు చుక్కలు సమానంగా పరుచుకుంటే అది చర్మం కాదు, పైన వేసిన నాయిస్. మెరుపు: నుదుటి మీద, ముక్కు కొన మీద కొంచెం మెరుపు ఉండటం సహజం, ముఖ్యంగా చామనఛాయ, నలుపు చర్మాల మీద వెలుగు అలాగే పడుతుంది, `shiny skin` అని నెగటివ్‌లో రాసి దాన్ని చంపేస్తే మొహం బూడిద పూసినట్టు పాలిపోతుంది. అలా అయినప్పుడు నెగటివ్‌లో మాటలు మార్చే ముందు మొదలయ్యే చోటు 0.4 నుంచి 0.6 కి జరిపి, అదే సీడ్‌తో ఇంకోసారి తీసి చూడండి.